కొత్త ఇంటర్న్‌లకు స్వాగతం: ఎఫిషియెన్సీ, ఎఫెక్టివ్‌నెస్

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మీ ఆరుగురికీ మన టీమ్‌లోకి స్వాగతం. మీలో కాకినాడ నుంచి వచ్చినవాళ్లున్నారు, వరంగల్, అనంతపురం నుంచి వచ్చినవాళ్లున్నారు. కొత్త ఊళ్లో హాస్టల్ వెతుక్కోవడం, ఈ ట్రాఫిక్‌లో పడి టైమ్‌కి ఆఫీసు చేరడం ఎంత టెన్షనో నాకు తెలుసు. మొదటి వారం ఏ ఇబ్బంది వచ్చినా మొహమాటపడకుండా నా దగ్గరికి రండి. పని గురించే కానక్కర్లేదు.

మన పనేంటో మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు. మెడికల్ షాపులకు బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. స్క్రీన్ మీద చూస్తే మామూలు ఫారాలు, పట్టికలు. కానీ అవతల కౌంటర్ దగ్గర జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఒకరు నిలబడి ఉంటారు. ఈ రెండు నెలలూ ఆ మనిషిని మర్చిపోకండి. ఇవాళ నేను చెప్పబోయే మాటంతా ఆ మనిషి చుట్టూనే తిరుగుతుంది.

ఆఫీసుల్లో ఎఫిషియెన్సీ, ఎఫెక్టివ్‌నెస్ అనే రెండు మాటలు రోజూ వినపడతాయి. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. తక్కువ టైమ్‌లో, తక్కువ శ్రమతో, తక్కువ ఖర్చుతో పని పూర్తిచేస్తే అది ఎఫిషియెన్సీ. ఆ పని దేనికోసం మొదలుపెట్టామో ఆ ఫలితం వస్తే అది ఎఫెక్టివ్‌నెస్. మేనేజ్‌మెంట్ మీద జీవితమంతా రాసిన పీటర్ డ్రకర్ 1960లలోనే ఈ తేడాను విడమర్చి చెప్పారు. పనిని సరిగ్గా చేయడం వేరు, సరైన పనిని చేయడం వేరు అన్నారు. ఇలా వింటే చాలా తేలిగ్గా అనిపిస్తుంది. సోమవారం పొద్దున్న చేతిలో పదిహేను టికెట్లు, అంటే మనకు అప్పగించిన పదిహేను పనులు, ఉన్నప్పుడు మాత్రం అంత తేలిక కాదు. అందుకే మన టీమ్‌లో జరిగినవే చెప్తాను.

ముందు జీఎస్టీ సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను రేట్లు మారాయి. అంతకుముందు 12 శాతం ఉన్న మందుల్లో ఎక్కువ భాగం 5 శాతానికి దిగాయి. కొన్ని ప్రాణరక్షక మందులకైతే పన్ను పూర్తిగా తీసేశారు. ప్రకటన వచ్చింది సెప్టెంబర్ మొదటి వారంలో. అంటే మనకు మూడు వారాలు కూడా లేవు. ఇరవై రెండో తేదీ పొద్దున్న షాపు షట్టర్ తీసేసరికి బిల్లు కొత్త రేటుతో రావాలి.

మొదట వచ్చిన ఆలోచన ఒక స్క్రిప్టు రాయడం. మందుల పట్టికలో 12 ఉన్నచోట 5 పెట్టేయడం, పన్ను లేనివాటికి సున్నా పెట్టడం. కొన్ని నిమిషాల పని. ఇంతకంటే ఎఫిషియెంట్‌గా ఎవరూ చేయలేరు. టెస్ట్ సర్వర్ మీద నడిపారు, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అందరూ సంతోషించారు.

అప్పుడు రోజంతా షాపులవాళ్లతో ఫోన్లో మాట్లాడే మన సపోర్ట్ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "సార్, రేటు మారింది సరే. మరి పేషెంట్ ఎంత కడతాడు?"

లెక్క వేసి చూశాం. ఒక స్ట్రిప్పు మీద ఎంఆర్‌పీ 112 రూపాయలు అనుకోండి. ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది. 12 శాతం ఉన్నప్పుడు మందు ధర 100, పన్ను 12. ఇప్పుడు మన స్క్రిప్టు ఒక్క పన్ను శాతాన్నే మార్చిందనుకోండి. సాఫ్ట్‌వేర్ అదే 112ని వెనక్కి లెక్కకట్టి మందు ధర 106 రూపాయల 67 పైసలు, పన్ను 5 రూపాయల 33 పైసలు అని బిల్లు కొడుతుంది. బిల్లు మీద 5 శాతం అని చక్కగా కనిపిస్తుంది. కానీ పేషెంట్ జేబులోంచి పోయేది మాత్రం అదే 112. అతనికి దక్కాల్సింది 105 రూపాయల బిల్లు. పన్ను తగ్గించిందే అతనికి ఆ ఏడు రూపాయలు మిగలడానికి.

అక్కడి నుంచి పని మొత్తం మారిపోయింది. షాపుల్లో ఉన్న పాత స్టాక్ మీద పాత ఎంఆర్‌పీనే ముద్రించి ఉంది. దాన్ని కొత్త ధరకు అమ్మాలి. కంపెనీలు కొత్త ధరల జాబితాలు పంపుతున్నాయి, ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. ఒకే మందు పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ పక్కపక్కనే ఉంటాయి. వాటిని బ్యాచ్‌వారీగా విడగొట్టాలి. స్ట్రిప్పు మీద ఒక ధర, బిల్లు మీద ఇంకో ధర ఉంటే కొనేవాళ్లు అనుమానపడతారు కాబట్టి బిల్లు కింద ఒక వాక్యం రావాలి. నిమిషాల్లో అయిపోతుందనుకున్న పని రోజులు పట్టింది. ఆ వారం మన టీమ్ పూర్తిచేసిన పనుల సంఖ్య చూస్తే చాలా తక్కువ. ఆ సంఖ్య ఒక్కటే చూసే మేనేజర్‌కి మనం నెమ్మదించామనే అనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం ఈ టీమ్ చేసిన పనుల్లో అది అన్నిటికంటే మంచిది.

స్క్రిప్టు రాసినతను చెడ్డ ఇంజనీర్ కాడు. చాలా మంచి ఇంజనీర్. అతని చేతికి వచ్చిన టికెట్ మీద "పన్ను రేట్లు మార్చాలి" అని రాసి ఉంది. అతను అదే చేశాడు. అక్కడ రాసి ఉండాల్సింది "పేషెంట్ తగ్గిన ధరకే కొనగలగాలి" అని. కాలేజీలో ప్రశ్నపత్రం ఎవరో తయారుచేసి ఇస్తారు, మీరు జవాబు రాస్తారు. ఇక్కడ చాలాసార్లు ప్రశ్న కూడా సగమే రాసి ఉంటుంది. మిగతా సగం మీరే అడిగి తెలుసుకోవాలి.

సపోర్ట్ టికెట్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. సాయంత్రం ఏడింటికి ఒక షాపు నుంచి ఫోన్ వస్తుంది, బిల్లు ప్రింట్ లేటవుతోందని. ప్రోగ్రాం మూసి మళ్లీ తెరవమంటాం, పనిచేస్తుంది, టికెట్ క్లోజ్. మర్నాడు అదే షాపు, అదే ఫోన్, ఇంకో టికెట్. నెలాఖరు రిపోర్టులో చాలా టికెట్లు, అన్నీ అయిదు నిమిషాల్లోపే క్లోజ్ అయినట్టు వస్తుంది. రిపోర్టు బ్రహ్మాండంగా ఉంటుంది, షాపాయన మాత్రం విసిగిపోయి ఉంటాడు. అదే ఫోన్ మూడోసారి వచ్చిందంటే టికెట్ క్లోజ్ చేయకండి. లాగ్ తెరిచి కారణం ఏంటో చూడండి. దానికి ఒక పూటంతా పోయినా నేను ఏమీ అనను.

ఇంతవరకు విని, స్పీడ్ అక్కర్లేదని చెప్తున్నానేమో అనుకోకండి. నెమ్మదిగా చేస్తే బాగా చేసినట్టు అనుకునేవాళ్లు కూడా ఉంటారు, అదీ పొరపాటే. సాయంత్రం పూట డాక్టర్ల క్లినిక్‌లు నడిచే టైమ్‌లో మెడికల్ షాపు దగ్గర నిలబడి చూడండి. కౌంటర్ ముందు పది మంది ఉంటారు. బిల్లు కొట్టేవాడికి మౌస్ పట్టుకునే తీరిక ఉండదు, అంతా కీబోర్డు మీదే. అక్కడ ఒక్క అనవసరమైన ఎంటర్ నొక్కాల్సి వచ్చినా, అది రోజుకు వందలసార్లు నొక్కాల్సిందే. అక్కడ ఎఫిషియెన్సీ లేకపోతే మన సాఫ్ట్‌వేర్ పక్కనపడేసి చేత్తో బిల్లు రాసుకుంటారు. అప్పుడు ఎంత మంచి ఫీచర్ పెట్టినా ఎవరికీ ఉపయోగం ఉండదు.

ఆ రెండూ కలిపి సాధించిన పని ఒకటి మన సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. షెడ్యూల్ హెచ్1 అని మందుల జాబితా ఒకటుంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. కొన్ని యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, అలవాటు పడే ప్రమాదమున్న కొన్ని మందులు అందులో వస్తాయి. సెఫిక్సిమ్, ఆల్ప్రజోలం లాంటివి. వీటిని అమ్మినప్పుడు డాక్టర్ పేరు, అడ్రసు, పేషెంట్ పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారు అన్నది వేరే రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు ఉంచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే చూపించాలి. యాంటీబయాటిక్‌లను ఇష్టమొచ్చినట్టు వాడేస్తే అవసరమైనప్పుడు అవి పనిచేయకుండా పోతాయి, అందుకే ఈ రూలు.

మన పాత స్క్రీన్‌లో ప్రతి బిల్లుకూ డాక్టర్ పేరు, అడ్రసు అడిగేది. దగ్గు సిరప్‌కి అడిగేది, గాజుగుడ్డకీ అడిగేది. షాపులవాళ్లు విసుగెత్తి ఆ గడిలో ఏదో ఒక అక్షరం కొట్టి ముందుకెళ్లిపోయేవాళ్లు. చాలామంది ఆ గడిని తీసేయమని అడిగారు. తీసేస్తే బిల్లింగ్ వేగం పెరిగేది, కానీ షాపు రూలు తప్పేది. మనవాళ్లు ఏం చేశారంటే, ప్రతి మందుకూ హెచ్1 అవునా కాదా అని గుర్తు పెట్టారు. బిల్లులో హెచ్1 మందు ఉంటేనే ఆ గడులు తెరుచుకుంటాయి. పక్క క్లినిక్ డాక్టర్ పేరు రెండు అక్షరాలు కొట్టగానే అడ్రసుతో సహా వచ్చేస్తుంది. రిజిస్టర్ దానంతట అదే తయారవుతుంది. మామూలు బిల్లు వేగం పెరిగింది, రిజిస్టర్‌లో పిచ్చి అక్షరాలు పోయాయి. మీకు కోడ్ చూపించేటప్పుడు ముందు ఆ మాడ్యూలే చూపించమని చెప్పాను.

ఇక మీ పని. ఏ టికెట్ తీసుకున్నా, కోడ్ ముట్టుకునే ముందు దాని కింద రెండు విషయాలు రాయండి. ఇది ఎవరికోసం, ఇది పూర్తయ్యాక వాళ్లు ఏం చేయగలుగుతారు. రెండు వాక్యాలు చాలు, తెలుగులో రాసినా ఫర్వాలేదు. రాయలేకపోతే టికెట్ ఇచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి అడగండి. వాళ్లకీ తెలియకపోతే నా దగ్గరికి తీసుకురండి, ఆ టికెట్ ఎందుకుందో నేనూ తెలుసుకుంటాను. రాశాక మాత్రం వేగంగా చేయండి. షార్ట్‌కట్లు నేర్చుకోండి, పక్కవాళ్లు రాసిన స్క్రిప్టులు వాడుకోండి, ఒకే పనిని రెండోసారి చేత్తో చేయాల్సి వస్తే స్క్రిప్టు రాయండి.

ఎన్ని టికెట్లు క్లోజ్ చేశారని వారం చివర నేను మిమ్మల్ని అడగను. మీ పని వల్ల ఏ షాపుకు ఏం మారిందని అడుగుతాను. మొదటి రెండు వారాలు ఏమీ మారలేదని చెప్పినా ఇబ్బంది లేదు, చూసింది చెప్పండి.

గురువారం మధ్యాహ్నం తర్వాత ఆఫీసులో ఎవరూ ఉండక్కర్లేదు. ఇద్దరిద్దరు చొప్పున మూడు షాపులకు పంపుతున్నాం. కోఠిలో ఒకటి, అమీర్‌పేటలో ఒకటి, ఉప్పల్‌లో ఒకటి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదింటి వరకు కౌంటర్ వెనక నిలబడి చూడాలి. మన సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వాళ్లకు నేర్పడానికి పోవద్దు, వాళ్లు ఎలా వాడుతున్నారో చూడండి. ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ విసుక్కుంటున్నారు, ఏ లెక్క ఇంకా కాగితం మీద రాసుకుంటున్నారు, ఇవన్నీ నోట్ చేసుకోండి. షాపువాళ్లకు ముందే చెప్పి ఉంచాం. రద్దీలో అడ్డం రాకండి, కస్టమర్ల చీటీలు ఫోటోలు తీయకండి.

లాప్‌టాప్‌లు రెండో అంతస్తులో ఐటీ డెస్క్ దగ్గర సిద్ధంగా ఉన్నాయి, ఐడీ కార్డు చూపించి తీసుకోండి. పదకొండున్నరకు ఇదే గదిలో కలుద్దాం. అప్పటికి టీ తాగేసి రండి.