కబడ్డీ టీమ్ కిట్ బ్యాగ్ చెక్‌లిస్ట్: అండర్-17 బాలికలు, కాకినాడ టోర్నమెంట్

శుక్రవారం సాయంత్రం 4 గంటలకు పీఈటీ గదిలో సర్దాలి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు వస్తువు చూసి టిక్ పెట్టాలి. "ఉందిలే సార్" అంటే లెక్కలోకి రాదు.

యూనిఫాం
☐ నీలం జెర్సీలు 12, ముందూ వెనకా నంబర్లతో. 7వ నంబర్ అంచు ఊడింది, కుట్టించాకే బ్యాగులో పెట్టాలి
☐ ఎరుపు జెర్సీలు 12 (అవతలి జట్టుదీ నీలమే అయితే)
☐ షార్ట్స్ 12, ట్రాక్‌సూట్లు 12
☐ సాక్స్, టవల్, రబ్బరు బ్యాండ్లు ఎవరివి వాళ్లే. పిన్నులు, గాజులు, చెవి రింగులు ఇంట్లోనే ఉంచి రండి

సామాన్లు
☐ మ్యాట్ షూస్. మ్యాచ్‌లు మ్యాట్ మీదే
☐ మోకాలి క్యాప్‌లు 12 జతలు, యాంకిల్ సపోర్ట్‌లు 4
☐ విజిల్, స్టాప్‌వాచ్, పంపు, వార్మప్‌కి వాలీబాల్
☐ నెయిల్ కట్టర్లు 2. గోళ్లు పెరిగి ఉంటే రిఫరీ ఆడనివ్వరు

ఫస్ట్ ఎయిడ్ (ఎర్ర పెట్టె నా చేతిలోనే ఉంటుంది, డిక్కీలో వేయొద్దు)
☐ క్రేప్ బ్యాండేజీలు 6. చీలమండ బెణికితే తిప్పడం, మర్దనా చేయడం వద్దు. ఐస్ పెట్టి, కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి
☐ దూది, గాజుగుడ్డ, టేపు, చిన్న కత్తెర
☐ యాంటీసెప్టిక్ లోషన్, ఆయింట్‌మెంట్, బ్యాండ్-ఎయిడ్‌లు
☐ ఐస్ ప్యాక్‌లు 2, గ్లౌజులు
☐ ఓఆర్ఎస్ ప్యాకెట్లు 15. పెద్ద ప్యాకెట్‌ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి
☐ శానిటరీ ప్యాడ్‌లు 2 ప్యాకెట్లు
☐ ఆస్తమా ఉన్న అమ్మాయి ఇన్‌హేలర్. బస్సెక్కే ముందు నాకు చూపించాలి

కాగితాలు
☐ ఎంట్రీ ఫారం, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్స్‌లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు