మూడు పెట్టెలు, ఒకే గందరగోళం

(అమలాపురంలో ఒక పాలిటెక్నిక్ కళాశాల. నెట్‌వర్క్స్ ల్యాబ్.)

విద్యార్థి: సార్, హబ్, స్విచ్, రౌటర్ మూడూ ఒకేలా కనిపిస్తున్నాయి. అన్నింటికీ అవే పోర్టులు!

లెక్చరర్: పైకి చూస్తే అంతే. హబ్ గుడి మైకు లాంటిది, ఒకరికి చెప్పినా ఊరంతా వినాలి. ఒక పోర్టులో వచ్చిన సంకేతాన్ని మిగతా అన్నింటికీ పంపేస్తుంది. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ ఢీకొని పాడవుతాయి. అందుకే ఇప్పుడు హబ్‌ను ఎవరూ కొనరు, పరీక్షల్లో మాత్రం వదలరు.

విద్యార్థి: స్విచ్ అయితే ఎవరికి పంపాలో వారికే పంపుతుంది కదా సార్. మరి ఏ కంప్యూటర్ ఎక్కడుందో దానికి ఎవరు చెబుతారు?

లెక్చరర్: ఎవరూ చెప్పరు. ఫ్రేమ్, అంటే డేటా మూట, రాగానే పంపిన కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుకుండే మ్యాక్ అడ్రసు, ఆ ఫ్రేమ్ వచ్చిన పోర్టు పట్టికలో రాసుకుంటుంది. తర్వాత ఆ అడ్రసుకు వచ్చినవి ఆ పోర్టుకే పంపుతుంది.

విద్యార్థి: గమ్యం అడ్రసు పట్టికలో లేకపోతే?

లెక్చరర్: సరైన చోట పట్టుకున్నావు! అప్పుడు వచ్చిన పోర్టు తప్ప అన్నింటికీ పంపుతుంది.

విద్యార్థి: అంటే హబ్‌లాగే కదా సార్?

లెక్చరర్: ఆ ఒక్కసారికి అంతే. అవతలి కంప్యూటర్ జవాబిస్తే దాని పోర్టూ తెలిసిపోతుంది.

విద్యార్థి: ఇంత తెలివైన స్విచ్ ఉండగా రౌటర్ ఎందుకు?

లెక్చరర్: మన ల్యాబ్ 192.168.1.0/24, ఆఫీసు 192.168.2.0/24. రెండూ వేర్వేరు నెట్‌వర్కులు. ఐపీ అడ్రసు చూసి ఒకదాని నుంచి మరోదానికి దారి చూపేది రౌటర్.

విద్యార్థి: మా ఇంటి వైఫై పెట్టెకు నాలుగు పోర్టులున్నాయి. అది ఏమిటి?

లెక్చరర్: పేరుకు రౌటర్, లోపల స్విచ్ కూడా ఉంది. సరే, ఆ ల్యాబ్ స్విచ్‌లో ఇది కొట్టి, నీ కంప్యూటర్ ఏ పోర్టులో ఉందో చెప్పు:

```
show mac address-table
```