నా జీతం ఎంతని అడిగిన మీకు

నమస్కారమండి. గుంటూరులోని మా మిర్చి కోల్డ్ స్టోరేజీకి అకౌంటెంటు కావాలని నేను పెట్టిన ప్రకటన చూసి నా జీతమెంతని అడిగారు. చేరాలనుకునేవారికి ఆ సందేహం రావడం సహజమే గానీ, ఆ వివరం బయట చెప్పే అలవాటు నాకు లేదు, దయచేసి మరోలా అనుకోకండి. అయినా ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్న నా జీతాన్ని బట్టి కొత్తవారి జీతం అంచనా వేయలేము.

ఈ ఉద్యోగానికి ఎంత ఇస్తారో మా మేనేజరు గారిని మొదటి ఫోనులోనే అడగవచ్చు, ఆయన ఏమీ అనుకోరు. చెప్పిన మొత్తం చేతికొచ్చేదా, కోతలకు ముందుదా అన్నది మాత్రం తప్పక తేల్చుకోండి. ఎందుకంటే పీఎఫ్ కింద మూలవేతనం, డీఏల మీద 12 శాతం, నెల వేతనం 21,000 రూపాయలు దాటకపోతే ఈఎస్ఐ కింద 0.75 శాతం మినహాయిస్తారు. మీరు విజయవాడ నుంచి రోజూ రావాలనుకుంటే బస్సు ఖర్చుతోపాటు మిర్చి సీజను సంగతి కూడా ఆలోచించుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో సరుకు ముమ్మరంగా దిగుతుంది, రాత్రి తొమ్మిదైనా బస్తాల లెక్క తెగదు. ఆ అదనపు గంటలకు విడిగా ఇస్తారా అనీ అడగండి.

టాలీ, జీఎస్టీ రిటర్నుల పని వచ్చి ఉంటే రెజ్యూమె మొదట్లోనే రాసి నాకు పంపండి, మేనేజరు గారికి నేనే అందజేస్తాను.