జేజి ట్రంకు పెట్టె

మా జేజి పండుకునే మంచం కింద ఒక ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఉండేది, దాని తాళంచెవి ఎప్పుడూ ఆమె మెడలో తాడుకే. మొన్న మా చెల్లెలి పెండ్లి మాటలు ఖాయమైన రోజు రాత్రి నన్ను పిలిచి ఆ తాళంచెవి చేతిలో పెట్టి "తియ్ నాయనా, మీ అబ్బ దాచిపెట్టిన దుడ్లు, పాపకు గాజులకన్నా వస్తాయేమో కడపలో మార్చుకోనిరా" అనింది.

పెట్టె తెరిస్తే నాఫ్తలీన్ గోళీల వాసన, పైన పాత దుప్పటి, దాని కింద అబ్బ ప్యాంటు ఒకటి, నడుం పట్టీ లోపల కుట్లు విప్పిన గుర్తులు ఇంకా ఉన్నాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ మిలిటరీ కోయిట్‌లోకి వచ్చినప్పుడు అబ్బ అక్కడ డ్రైవరు, ఆ పట్టీలో నోట్లు కుట్టుకుని బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ పోయి, అమ్మాన్‌లో రోజుల తరబడి డేరాల్లో ఉండి, ఎయిరిండియా విమానంలో బొంబాయి దిగినాడు. అట్ల లక్షన్నర మందికి పైగా మనోళ్ళు వచ్చినారు, మా రాయచోటి పక్కనుంచే ఎంతమందో.

గుడ్డమూటలో ఇరవై దీనార్ల నోట్లు ఆరు, పది దీనార్లవి నాలుగు. ఇప్పుడు ఒక దీనారు అంటే రెండొందల డెబ్బై రూపాయల పైనే కదా, నేను ఆడనే లెక్కేసినా, నూట అరవై దీనార్లు, నలభై మూడు వేల పైమాట. ఇంకా సద్దాం బొమ్మ ఉన్న ఇరాక్ నోటు ఒకటి, పడవ బొమ్మ ఉన్న ఫిల్స్ బిళ్ళలు గుప్పెడు, అన్నిటికంటే అడుగున టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మతో గోధుమరంగు నోటు.

పొద్దున్నే జేజి నేనూ వస్తా అనింది. మూట చీర కుచ్చెళ్ళల్లో చెక్కుకుని బస్సంతా దాని మీద చెయ్యి తియ్యలేదు. ఏడురోడ్ల దగ్గర డబ్బు మార్చే అంగడాయన నోటును వెలుతురుకు పట్టి చూసి, తిప్పి, మళ్ళీ తిప్పి, మెల్లగా మూట మీదనే పెట్టినాడు.

"అమ్మా, ఇవి చెల్లవు."

ఇరాక్ వాళ్ళు ఆడ సెంట్రల్ బ్యాంకులోని నోట్లు దోచుకుపోయినారంట, అందుకే యుద్ధం అయిపోంగానే 1991 మార్చిలో కోయిట్ సర్కారు కొత్త నోట్లు దింపి, పాతవి ఆ సంవత్సరం సెప్టెంబరు 30తో రద్దు చేసింది. సద్దాం నోటూ అంతే, 2004 జనవరి 15 దాకానే మార్చినారు. బిళ్ళలు బాగానే ఉన్నాయి గానీ చిల్లర ఎవురూ తీసుకోరు, ఆ దేశం పోయేటోళ్ళకిచ్చి ఖర్చు పెట్టించుకోవాల్సిందే అన్యాడు.

జేజి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంగడాయనకు కాదు, నాకు కాదు, ఆ నోట్లకే చెప్తాన్నట్టు "ఆ యేడు ఎండాకాలం తర్వాత మీ పెదనాయన మళ్ళీ కోయిట్ పోతాంటే ఇచ్చి పంపుదామంటి, ఈయన వినలేదు, ఎవుర్నీ నమ్మలేదు, నేనే పోయి మార్చుకుంటా అన్యాడు, వీసానే రాలేదు" అనింది. నాకు అబ్బ మీద కోపం రాలేదు. నెత్తిన మూటతో ఎడారి దాటినోడు నడుముకు కట్టుకున్నదాన్ని ఇంకొకరి చేతికి ఎట్ల ఇస్తాడు?

ఆ గోధుమరంగు నోటును అంగడాయన పక్కన పెట్టేసినాడు గానీ నాకు మనసొప్పలేదు. ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే అది జర్మనీ యాభై మార్కులు. అబ్బ కారు తోలిన జర్మనీ ఇంజనీరు ఇచ్చిన ఇనాం అది, జేజికి గుర్తుంది. జర్మనీ వాళ్ళ బుండెస్‌బ్యాంక్ మార్కులను ఎప్పటికైనా మారుస్తుందంట, గడువే లేదు, ఒక యూరోకు 1.95583 మార్కుల లెక్కన. అంటే ఇరవై ఐదు యూరోల యాభై ఆరు సెంట్లు, మన డబ్బుల్లో రెండు వేల పైన. నా ఫ్రెండు తమ్ముడు ఆడనే చదువుతాండాడు, సెలవులకు వచ్చినప్పుడు వానికిచ్చి పంపినాం.

బిళ్ళలు మాత్రం జేజి ఎవురికీ ఇయ్యలేదు, మా పెదనాయన మనవడు పోయిన నెల కోయిట్ పోతాంటే వాని చేతిలో తానే లెక్కపెట్టి పోసింది. "ఇదిగోరా, ఈసారి నమ్మకంగా పంపిస్తాండా, మీ అబ్బ పేరు చెప్పి టీ తాగు."

నిన్న వాడు ఫోటో పెట్టినాడు, గాజుగ్లాసులో టీ, పక్కన టేబులు మీద పడవ బొమ్మ బిళ్ళ ఒకటి. జేజి ఫోన్‌ను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"పాలు తక్కువ పోసినారు, మీ అబ్బకు నచ్చదు" అనింది.