ఉదయం ఆరు గంటల స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్ తరఫున

అందరికీ నమస్కారం.

ఇందాక మా 22 మందిమీ రెండేసి నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాం. థాంక్స్ మాత్రం తెలుగులో చెబుతానని సార్ దగ్గర పర్మిషన్ తీసుకున్నాను. మా అమ్మానాన్నలు, అత్తగార్లు ఇంత దూరం వచ్చి కూర్చున్నారు. ఈ 60 రోజులూ పొద్దున్నే లేచి మేం ఏం నేర్చుకోవడానికి వచ్చామో వాళ్ళకీ తెలియాలి కదా.

సార్, ముందుగా మీకు. మా తప్పులు తెలివితక్కువతనం వల్ల వచ్చేవి కావని, తెలుగు అలవాటు మీద వచ్చేవని మొదటి వారంలోనే చూపించారు. 'నేను నిన్న కాకినాడ వెళ్ళాను' అని బోర్డు మీద రాసి, చివర ఉన్న 'వెళ్ళాను' కింద గీత గీశారు. మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే కూర్చోవాలి. మనసులో తెలుగు వాక్యమంతా పేర్చుకుని మాట్లాడబోతే, కావాల్సిన మాట అన్నిటికంటే ఆఖర్న దొరుకుతుంది. మేం మధ్యలో ఆగిపోయేది అక్కడేనన్నారు. అందుకే పది రోజులపాటు మాతో ముందు 'ఐ వెంట్' అనిపించి, ఎక్కడికి, ఎప్పుడు అన్నవి తర్వాత తగిలించమన్నారు. మా నత్తి సగం తగ్గింది ఆ పది రోజుల్లోనే.

'డిడ్ నాట్ వెంట్' అన్నప్పుడు కూడా తప్పు అని కొట్టేసి ఊరుకోలేదు. జరిగిపోయిన కాలం 'డిడ్'లోనే వచ్చేసింది, మళ్ళీ 'వెంట్'లో ఎందుకు, 'గో' చాలన్నారు. 'డిస్కస్ అబౌట్'లో ఆ 'అబౌట్' మన 'గురించి' అనే మాట వెంట వచ్చిందని చెప్పారు. కారణం తెలిసిన తప్పుని నోరు జారేలోపే పట్టుకోగలుగుతున్నాం.

మేడమ్, ఉచ్చారణ క్లాసులకు మీకు ప్రత్యేకంగా థాంక్స్. బనియన్‌కి వాడే వెస్ట్, పడమరకి వాడే వెస్ట్ మన రాతలో ఒక్కలాగే ఉంటాయి, ఉన్నది ఒకే 'వ' కాబట్టి. మొదటిదానికి పై పళ్ళు కింది పెదవికి తగలాలి, రెండోదానికి పెదవులు సున్నా చుట్టాలి. చేతి అద్దాలు ఇచ్చి మరీ చూసుకోమన్నారు. ఇక ఆ కాగితం ముక్క! వేలెడు వెడల్పు పల్చటి కాగితం నోటి ముందు పట్టుకుని 'పలక' అంటే అది కదల్లేదు. అదే ఇంగ్లీషు వాళ్ళలా గాలి వదిలి 'పెన్' అనగానే రెపరెపలాడింది. మా అక్కయ్యలిద్దరు ఆ కాగితాలు ఇప్పటికీ పర్సులో పెట్టుకునే తిరుగుతున్నారు.

అన్నిటికన్నా నాకు విలువైనదిగా తోచింది 'అండి' పాఠం. 'మంచినీళ్ళు ఇవ్వండి' అన్నప్పుడు మన మర్యాదంతా ఆ 'అండి'లో ఉంటుంది. 'గివ్ మీ వాటర్' అనేసరికి అది రాలిపోతుంది, వినేవాళ్ళకి ఆజ్ఞ వేసినట్టుంటుంది. 'కుడ్ యు గివ్ మీ సమ్ వాటర్, ప్లీజ్' అంటే ఆ 'అండి' మళ్ళీ వచ్చి చేరుతుంది. చీరల షాపులో పనిచేసే మన అన్నయ్యకి, టికెట్లు కొట్టే కండక్టర్ బాబాయికి రోజూ అక్కరకొచ్చే పాఠం ఇది.

నర్సుగా చేస్తున్న మన చెల్లెమ్మ ఓఈటీ, అంటే విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్ల లాంటివాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష, రాయబోతోంది. అందులో మాట్లాడే పరీక్షలో రెండు రోల్ ప్లేలుంటాయి, ఒక్కోదానికి సిద్ధం కావడానికి మూడు నిమిషాలే ఇస్తారు. క్లాసయ్యాక సార్ పేషెంటుగా కూర్చుని, గడియారం పెట్టి మరీ ఆమె చేత ప్రాక్టీస్ చేయించారు. దానికి అదనంగా రూపాయి తీసుకోలేదు. ఆమె తరఫున కూడా ఈ థాంక్స్.

సార్ అడిగారు కాబట్టి ఒక్క మాట. ఫోన్ సంభాషణలు చివరి వారంలో పెట్టారు. ఎదుటివాళ్ళ మొహం, పెదాలు కనిపించనప్పుడే మాకు ఎక్కువ తడబాటు వచ్చింది. వచ్చే బ్యాచ్‌కి మూడో వారం నుంచే, ఇద్దరిద్దరిని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టి మొదలుపెట్టించండి.

ఐదున్నరకే గది ఊడ్చి, కుర్చీలు సర్ది, మాకోసం తలుపు తీసి ఉంచిన ఆయమ్మకి, బ్రేక్‌లో టీ పంపిన మేడమ్ వాళ్ళ అమ్మగారికి మా దండాలు.

బ్యాచ్ వాళ్ళకి ఒక గుర్తు: ఆదివారం సాయంత్రం నాలుగింటికి గోదావరి గట్టు మీద కలుస్తున్నాం. గంటసేపు ఇంగ్లీషులోనే. తప్పుల రిజిస్టర్ నా దగ్గరుంది, తెస్తాను. సార్, మేడమ్, మీరు కూడా ఒకసారి రండి.