న జాయతే మ్రియతే వా కదాచిత్ : ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు

(భగవద్గీత, సాంఖ్యయోగం, 20వ శ్లోకం)

న జాయతే మ్రియతే వా కదాచిత్
నాయం భూత్వా భవితా వా న భూయః ।
అజో నిత్యః శాశ్వతోఽయం పురాణో
న హన్యతే హన్యమానే శరీరే ॥

సందర్భం: భీష్మద్రోణులపై బాణం ఎలా వేయగలనంటూ విల్లు వదిలి రథంలో కూలబడిన అర్జునుడికి, చంపేవాడెవడు, చచ్చేదేది అని శ్రీకృష్ణుడు విడమరిచి చెబుతున్న చోటిది. ఆత్మ చంపదు, చంపబడదు అని ముందు శ్లోకంలో అన్నాడు. అందుకు కారణాన్ని ఇక్కడ చెబుతున్నాడు.

పదవిభాగం: న, జాయతే, మ్రియతే, వా, కదాచిత్, న, అయం, భూత్వా, భవితా (అభవితా), వా, న, భూయః, అజః, నిత్యః, శాశ్వతః, అయం, పురాణః, న, హన్యతే, హన్యమానే, శరీరే.

ప్రతిపదార్థం: అయం = ఈ ఆత్మ; కదాచిత్ = ఎన్నడును; న జాయతే = పుట్టదు; వా = మరియు; న మ్రియతే = చావదు; భూత్వా = ఒకప్పుడు ఉండి; భూయః = ఆ పిమ్మట; అభవితా = లేకుండా పోయేది; న = కాదు; వా = అట్లే, మునుపు లేక కొత్తగా; భవితా = కలిగేది; న = కాదు; అయం = ఇది; అజః = పుట్టుక లేనిది; నిత్యః = చావు లేనిది; శాశ్వతః = తరుగు లేనిది; పురాణః = పూర్వం నుంచి ఉన్నదైనా ఎప్పటికీ కొత్తది; శరీరే = దేహం; హన్యమానే = చంపబడుతుండగా; న హన్యతే = చంపబడదు.

తాత్పర్యం: ఆత్మకు ఏ కాలంలోనూ పుట్టుక లేదు, చావు లేదు. ఒకసారి ఉండి తరువాత లేకుండా పోవడమో, లేకుండా ఉండి తరువాత కలగడమో దానికి లేవు. పుట్టనిది, చావనిది, తరగనిది, పెరగనిది అయిన ఆ ఆత్మ, శరీరం చంపబడుతున్నప్పుడు కూడా చంపబడదు.

విశేషాలు: చిక్కంతా రెండో పాదంలోనే ఉంది. ‘భూత్వా’ తరువాత ‘భవితా’ అని విడదీయవచ్చు, సవర్ణదీర్ఘసంధిగా తీసుకొని ‘అభవితా’ అనీ విడదీయవచ్చు. పలికేటప్పుడు రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. శంకరులు ‘అభవితా’ అని విడదీసి, ఉండి లేకుండా పోవడమే మరణమనీ, లేకుండా ఉండి కలగడమే జన్మమనీ, ఈ పాదం మొదటి పాదానికి కారణం చెబుతోందనీ వివరించారు. రామానుజులు ఇదే పాదాన్ని కల్పారంభంలో కలిగి కల్పాంతంలో లేకుండా పోయేది కాదని అన్వయించారు. పైన ఇచ్చిన ప్రతిపదార్థం మొదటి పద్ధతిది.

అజః, నిత్యః, శాశ్వతః, పురాణః అనే నాలుగు మాటలూ ఒకే భావాన్ని తిప్పి తిప్పి చెబుతున్నట్లు పైకి కనిపిస్తాయి. మనకు తెలుగులో అవి బాగా అరిగిపోయిన మాటలు కావడమే అందుకు కారణమేమో. నిత్యం అంటే రోజూ అనీ, శాశ్వతం అంటే దరఖాస్తులో రాసే శాశ్వత చిరునామా అనీ, పురాణం అంటే తెగని పాతకథ అనీ చెవి అలవాటు పడిపోయింది. యాస్కుడి నిరుక్తం ఏ వస్తువుకైనా ఆరు వికారాలు చెబుతుంది: పుట్టడం, ఉండడం, మారడం, పెరగడం, క్షీణించడం, నశించడం. శంకరుల వ్యాఖ్య ప్రకారం ‘అజ’ మొదటిదాన్ని, ‘నిత్య’ చివరిదాన్ని, ‘శాశ్వత’ క్షీణతను, ‘పురాణ’ పెరుగుదలను తోసిపుచ్చుతాయి. ‘పురాఽపి నవః’, అంటే మునుపు కూడా కొత్తదే, కనుక కొత్తగా పెరగవలసింది లేదని ఆయన వివరణ. మిగిలిన ‘మారడం’ కోసం ‘న హన్యతే’ లోని ధాతువుకు చంపడం బదులు మార్పు అనే అర్థాన్ని తీసుకోవాలన్నారు. లేకుంటే ‘మ్రియతే’తో పునరుక్తి వస్తుంది.

ఈ శ్లోకం రెండో సగం కఠోపనిషత్తులో, యముడు నచికేతుడికి చేసిన బోధలో, అక్షరం మారకుండా ఉంది. మొదటి పాదంలో అక్కడ ‘విపశ్చిత్’ (జ్ఞానస్వరూపం) అన్న చోట ఇక్కడ ‘కదాచిత్’ చేరింది. అక్కడ వింటున్నది మరణరహస్యాన్ని పట్టుబట్టి అడిగిన బాలుడు. ఇక్కడ వింటున్నది కాసేపట్లో చావులు చూడబోయే యోధుడు. ‘ఎన్నడూ’ అన్న మాట అర్జునుడికే ఎక్కువ అవసరమని నాకు తోస్తుంది.

చివరి పాదంలో ‘హన్యమానే శరీరే’ సతి సప్తమి. ‘హన్యమాన’ శానచ్ ప్రత్యయాంతం కాబట్టి, చంపడం అప్పుడు జరుగుతూనే ఉందని అర్థం. శరీరం చంపబడదని కృష్ణుడు ఎక్కడా అనలేదు. అది జరుగుతుండగానే ఆత్మకు ఏమీ కాదన్నాడు. అందుకే మరుసటి శ్లోకంలో, దీన్ని తెలిసినవాడు ఎవరిని చంపిస్తాడు, ఎవరిని చంపుతాడు అని అడుగుతాడు.