డాక్టర్ వసుంధర, అసోసియేట్ ప్రొఫెసర్, సివిల్ ఇంజినీరింగ్ విభాగం

కాంక్రీట్‌లోని ఉక్కు కడ్డీ ఎందుకు తుప్పు పడుతుంది, ఎప్పుడు మొదలవుతుంది? డాక్టర్ వసుంధర పరిశోధన అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే. మొదటిదానికి జవాబు చాలావరకు పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆవిడను ఏళ్ల తరబడి వదలనిది రెండోది.

కొత్త కాంక్రీట్ లోపలి నీటి పీహెచ్ 12.5కు పైనే ఉంటుంది. అంత క్షారతలో కడ్డీ చుట్టూ సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి చేరి, క్షారతను తగ్గించుకుంటూ పోతుంది. దీన్నే కార్బొనేషన్ అంటారు. పీహెచ్ 9 దరిదాపులకు పడిపోయిన భాగం కడ్డీని తాకిందంటే ఆ పొర నిలవదు. ఇక తేమ, ఆక్సిజన్ అందితే తుప్పు మొదలవుతుంది. ఇనుము కన్నా తుప్పుకు ఎక్కువ చోటు కావాలి కాబట్టి కాంక్రీట్ లోపలి నుంచి పగిలి పెచ్చులూడుతుంది.

ఆవిడ ప్రయోగశాలకు కొత్తగా వచ్చిన విద్యార్థి మొదట చూసేది ఫినాల్ఫ్తలీన్ పరీక్ష. పాత కట్టడం నుంచి తొలిచి తీసిన కాంక్రీట్ స్తంభిక, అంటే కోర్‌ను నిలువునా చీల్చి, అప్పుడే విరిగిన ముఖం మీద ద్రావణం చల్లుతారు. లోపలి భాగం ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, పైఅంచు మాత్రం రంగు లేకుండా ఉండిపోతుంది. ఆ రంగులేని పట్టీ వెడల్పును స్కేలుతో కొలవాలి. కార్బొనేషన్ లోతు కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందని స్థూలంగా లెక్క. 25 ఏళ్లలో 10 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లిందంటే, పరిస్థితులు మారకపోతే 20 మిల్లీమీటర్లకు చేరడానికి మొత్తం 100 ఏళ్లు పడుతుంది. కడ్డీని కప్పి ఉంచే కాంక్రీట్ మందం, అంటే కవర్ 5 మిల్లీమీటర్లు తగ్గినా ఎంత నష్టమో ఈ లెక్కే చెబుతుంది.

ప్రస్తుతం ఆవిడ దృష్టి క్లింకర్ తక్కువగా ఉండే సిమెంట్ల మీద ఉంది. సున్నపురాయి, బంకమట్టిని బట్టీలో కాల్చి చేసే సిమెంట్ ముడిగడ్డలే క్లింకర్. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంట్ తయారీదే. అందుకే క్లింకర్‌లో కొంత భాగం తీసేసి ఫ్లై యాష్, స్లాగ్, లేదా కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలుపుతున్నారు. ఇలాంటి కాంక్రీట్‌లో రంధ్రాలు సన్నబడతాయి, కడ్డీకి తుప్పు తెచ్చే క్లోరైడ్లు లోపలికి రావడం కష్టమవుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ కార్బన్ డయాక్సైడ్‌ను అడ్డుకునే కాల్షియం హైడ్రాక్సైడ్ నిల్వ కూడా తగ్గిపోతుంది. ఒక చోట లాభం, ఇంకో చోట నష్టం. ఏ పరిస్థితిలో ఏది పైచేయి అవుతుందో తేల్చడమే ఆవిడ ఇప్పటి ప్రాజెక్టు.

ఇందులో అసలు చిక్కు పరీక్షలోనే ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే కాబట్టి, ఫలితం త్వరగా రావడానికి చాంబర్‌లో 1 నుంచి 5 శాతం దాకా పెడతారు. అంత గాఢతలో జరిగే రసాయన చర్య బయట జరిగేలాంటిదేనా? ఆవిడ బృందం ఒకే మిశ్రమంతో పోసిన దిమ్మెలను కొన్నిటిని చాంబర్‌లో, కొన్నిటిని వాన తగిలే డాబా మీద, మిగిలినవాటిని చూరు నీడలో ఉంచి పోల్చి చూస్తోంది. చాంబర్‌లోవి వారాల్లో జవాబిస్తాయి. డాబా మీదివి ఎవరి పీహెచ్‌డీ గడువునూ పట్టించుకోవు!

ఆవిడ ఎంటెక్ విద్యార్థులకు కట్టడాల మన్నిక, మరమ్మతు పద్ధతులు బోధిస్తారు. ప్రచురణల జాబితా విడిగా ఉంది.

కలిసి పనిచేయాలనుకునేవారికి తలుపు తెరిచే ఉంది. సిమెంట్ రసాయనం తెలిసినవారు, తక్కువ నమూనాలతోనే అనిశ్చితిని లెక్కగట్టగల గణాంక నిపుణులు ఇప్పుడు ఎక్కువ అవసరం. కూల్చబోయే పాత భవనమో వంతెనో చేతిలో ఉన్న ఇంజినీర్లయితే మరీ సంతోషం. కూల్చే ముందు నాలుగు కోర్లు తీసుకోనిస్తే చాలు, వాటి ఫలితాలన్నీ వారికీ ఇస్తారు. అనుకున్నట్టు రాని ఫలితాలను కూడా పంచుకోవాలన్నది ఆవిడ పెట్టే ఒకే షరతు. సరుకుకు నాణ్యత ధ్రువపత్రాలు ఇచ్చే పని మాత్రం ఈ ప్రయోగశాల చేయదు.

ఆసక్తి ఉన్నవారు విభాగ కార్యాలయం ద్వారా ఒక పేజీకి మించకుండా రాసి పంపవచ్చు. కట్టడం గురించైతే దాని వయసు, వాడిన సిమెంట్ తెలిస్తే అది, పెచ్చులూడిన చోట ఫొటో జతచేయాలి. పీహెచ్‌డీ చేయాలనుకునేవారు మార్కుల పట్టికతో పాటు, తమ చేతులతో చేసిన ఒక ప్రయోగం గురించి, అది చెడిపోయినదైనా సరే, రెండు పేరాలు రాయాలి. ఆవిడ ముందు చదివేది అదే.